లెక్క సరిపోయినా బోల్టులు ఎందుకు నిండుకుంటున్నాయి? రెండు బిన్నుల పద్ధతిలో ఒక చిక్కు

మూడో_లైను

మా అసెంబ్లీ లైనులో ఒక స్టేషన్‌కు ఎమ్6 బోల్టులు రెండు బిన్నుల పద్ధతిలో అందుతాయి. ముందు బిన్ను ఖాళీ అయితే ఆపరేటరు దానిని కింది అరలో పెట్టి, వెనుక ఉన్న నిండు బిన్నును ముందుకు లాక్కుంటారు. స్టోర్స్ ట్రాలీ రెండు గంటలకు ఒకసారి వచ్చి ఖాళీ బిన్నును తీసుకువెళుతుంది. గంటకు 30 యూనిట్లు తయారవుతాయి, ఒక్కొక్క యూనిట్‌కు 6 బోల్టులు పడతాయి, కాబట్టి గంటకు 180 బోల్టులు ఖర్చవుతాయి. ట్రాలీ రెండు గంటలకు ఒకసారి వస్తుంది గనుక 360 సరిపోతాయని లెక్క వేసుకుని, చాలా ఉదారంగా బిన్నుకు 630 నిర్ణయించాను. అంటే ఒక్కొక్క బిన్ను మూడున్నర గంటలు వస్తుంది.

అయినా వారానికి నాలుగు సార్లయినా బోల్టులు పూర్తిగా నిండుకుని లైను ఇరవై ఇరవై అయిదు నిమిషాలు నిలిచిపోతోంది. స్టోర్స్‌లో బోల్టులకు ఏ రోజూ కొరత లేదు. ట్రాలీ కూడా సమయానికే వస్తోంది. ఒకరోజు ఏ ఇబ్బందీ ఉండదు, మరునాడు ఆగిపోతుంది. ఎక్కడ పొరపాటు చేశానో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు.

ముందుచూపు

భద్రతా నిల్వ తక్కువైంది. ప్రతి బిన్నుకూ 20 శాతం పెంచండి, సమస్య పోతుంది. చిన్న వస్తువుల విషయంలో ఇంతకంటే లోతుగా ఆలోచించనవసరం లేదు, ఎందుకంటే బోల్టు ఖరీదుకంటే లైను ఆగిన ఇరవై నిమిషాల ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ.

కొనుగోలు_బల్ల

అసలు మూడున్నర గంటల సరుకుతో నడపాలనుకోవడమే సాహసం. మాకు బోల్టులు సరఫరా చేసేవారు ఆర్డరు పెట్టిన తరువాత 12 రోజులు తీసుకుంటారు. రెండో బిన్నులో ఆ 12 రోజులకు సరిపడా సరుకు ఉండాలి కదా? మీరు గంటల లెక్క ఎలా వేశారో నాకు అర్థం కాలేదు.

స్టోర్స్_కిటికీ

కొనుగోలు_బల్ల గారు, ఇక్కడ రెండు వేరు వేరు చుట్లు ఉన్నాయి. లైనుకూ స్టోర్స్‌కూ మధ్య తిరిగేది ఒకటి, స్టోర్స్‌కూ సరఫరాదారుకూ మధ్య తిరిగేది మరొకటి. మీ 12 రోజులు రెండో చుట్టుకు సంబంధించినవి. ఆ నిల్వ స్టోర్స్ ర్యాకులో డబ్బాలుగా ఉంటుంది, దానికి వేరే కార్డు ఉంటుంది. లైను పక్కన ఉన్న బిన్ను స్టోర్స్ నుంచి తిరిగి వచ్చేంత కాలం గడిపితే చాలు. పన్నెండు రోజుల సరుకు ఆ స్టేషన్ పక్కన పెడితే మనిషి నిలబడడానికి చోటు మిగలదు.

అయితే మీ మాటలో పనికివచ్చే అంశం ఒకటి ఉంది. బిన్ను తిరిగి రావడానికి నిజంగా ఎంతసేపు పడుతోందన్నదే ఈ మొత్తం లెక్కకు మూలం. మూడో_లైను గారు ఆ సమయాన్ని కొలిచారా, లేక అనుకున్నారా?

పాత_ప్లానర్

నేను అడగదలచుకున్నదీ అదే. మరొక్క ప్రశ్న కూడా ఉంది. ట్రాలీ వచ్చి ఖాళీ బిన్నును తీసుకుంటుంది సరే, నిండు బిన్నును అప్పుడే ఇస్తుందా, లేక తరువాతి రౌండులో తెస్తుందా?

మూడో_లైను

తరువాతి రౌండులో. ఖాళీ బిన్ను స్టోర్స్‌కు వెళ్ళాలి, అక్కడ తూకం మీద 630 నింపాలి, రెండు గంటల తరువాత ట్రాలీ మళ్ళీ వచ్చినప్పుడు తెస్తుంది. సమయాన్ని నేను కొలవలేదు. రెండు గంటలే అని అనుకున్నాను.

పాత_ప్లానర్

చిక్కు అక్కడే ఉంది. ఒక రోజును గడియారం ముందు పెట్టుకుని చూద్దాం.

ట్రాలీ 8 గంటలకు వచ్చి వెళ్ళిపోయింది. 8:05కు మీ ముందు బిన్ను ఖాళీ అయింది. ఆపరేటరు దానిని కింది అరలో పెట్టి రెండో బిన్ను తెరిచారు. ఖాళీ బిన్ను అక్కడే 10 గంటల వరకు ఎదురుచూస్తుంది. 10 గంటలకు ట్రాలీ దానిని తీసుకువెళుతుంది, నింపి 12 గంటలకు తెస్తుంది. అంటే ఖాళీ అయిన క్షణం నుంచి నిండు బిన్ను చేతికి వచ్చే వరకు 3 గంటల 55 నిమిషాలు పట్టింది. రెండో బిన్నులో ఉన్న 630 బోల్టులు మూడున్నర గంటలే వస్తాయి, కాబట్టి 11:35కు అవి అయిపోతాయి. 11:35 నుంచి 12 వరకు మీ లైను ఆగుతుంది. మీరు చెప్పిన ఇరవై అయిదు నిమిషాలు ఇవే.

ఇప్పుడు అదే బిన్ను 9:50కి ఖాళీ అయిందనుకోండి. పది నిమిషాలకే ట్రాలీ వచ్చి తీసుకువెళుతుంది, 12 గంటలకు తెస్తుంది. రెండో బిన్ను 1:20 వరకు వస్తుంది. గంటా ఇరవై నిమిషాల వెసులుబాటు మిగిలింది, ఎవరికీ ఏమీ తెలియలేదు.

మీరు రెండు గంటలు అనుకున్నది ట్రాలీ రెండు రాకల మధ్య వ్యవధి మాత్రమే. బిన్నుకు పట్టే కాలంలో ఎదురుచూపు ఒక భాగం, ప్రయాణం ఇంకొక భాగం. ప్రయాణం ఎప్పుడూ రెండు గంటలే, కానీ ఎదురుచూపు సున్నా నుంచి రెండు గంటల వరకు ఎంతైనా కావచ్చు. అందుచేత మీ బిన్నులో నాలుగు గంటల సరుకు ఉండాలి, అంటే 720 బోల్టులు. ట్రాలీ ఆలస్యానికి, తూకంలో తేడాకు పది శాతం కలిపితే సుమారు 800.

కొత్త_ఇంజనీరు

ఒక సందేహం. అవసరం 720 అయితే 630తో రోజూ ప్రతిసారీ ఆగాలి కదా? వారానికి నాలుగు సార్లే ఎందుకు ఆగుతోంది?

పాత_ప్లానర్

బిన్ను ఏ నిమిషంలో ఖాళీ అవుతుందో దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి. మూడున్నర గంటల్లో రెండు గంటలు ప్రయాణానికి పోతే, ఎదురుచూపుకు గంటన్నర మిగులుతుంది. ట్రాలీ వెళ్ళిన తరువాతి మొదటి అరగంటలో బిన్ను ఖాళీ అయితేనే ఎదురుచూపు గంటన్నర దాటుతుంది. రెండు గంటల్లో ఆ అరగంట నాలుగో వంతు. అందుచేత ఖాళీ అయిన నాలుగు సార్లలో సుమారుగా ఒకసారి ఆగుతుంది. లైను మధ్యలో వేరే కారణంతో నెమ్మదిస్తే ఆ ఒక్కసారీ తప్పిపోతుంది, అందుకే ఏ రోజుకు ఆ రోజు వేరుగా కనిపిస్తుంది.

ముందుచూపు

మీ లెక్క ప్రకారమే చూసినా నేను చెప్పినదే సరి అయింది. 630కి 20 శాతం కలిపితే 756. అది 720 కంటే ఎక్కువే. ఇంత వివరణ లేకుండానే సమస్య తీరేది.

స్టోర్స్_కిటికీ

ఈ బోల్టుకు తీరేది, నిజమే. కానీ అదే శాతం మరొక వస్తువుకు పనిచేస్తుందా అన్నది చూడాలి. మూడో_లైను గారు, అదే ట్రాలీ మీద వచ్చే ఇంకొక వస్తువు లెక్క చెప్పగలరా?

మూడో_లైను

అదే స్టేషన్‌లో క్లిప్పులు ఉన్నాయి. యూనిట్‌కు 2, అంటే గంటకు 60. బిన్నుకు 150 పెట్టాము, రెండున్నర గంటలు వస్తాయి.

స్టోర్స్_కిటికీ

20 శాతం పెంచితే 180 అవుతాయి, మూడు గంటలు వస్తాయి. కావలసినవి నాలుగు గంటలకు 240. ముందుచూపు గారి శాతం బోల్టును కాపాడింది, క్లిప్పును కాపాడలేదు. శాతాన్ని దేనికి కలుపుతున్నామో ఆ మూల సంఖ్యే తప్పయినప్పుడు ఎంత శాతం కలిపితే సరిపోతుందో ముందుగా చెప్పలేము. నాలుగు గంటలన్నది స్థిరపడిన తరువాత దాని మీద పది శాతమో పదిహేను శాతమో కలపడం వేరే విషయం, దానికి నేను ఒప్పుకుంటాను.

కానీ నన్ను ఆశ్చర్యపరుస్తున్నది వేరే ఉంది. రెండున్నర గంటల బిన్ను అయితే క్లిప్పులు నాలుగు సార్లలో మూడు సార్లు నిండుకోవాలి. మీరు ఆ ఫిర్యాదు చేయలేదేమి?

మూడో_లైను

ఈ రోజు వెళ్ళి అడిగాను. క్లిప్పులు రోజూ నిండుకుంటూనే ఉన్నాయట. పక్క స్టేషన్‌లోనూ అదే క్లిప్పు వాడతారు, కాబట్టి అక్కడి బిన్నులోంచి గుప్పెడు గుప్పెడుగా తెచ్చుకుంటున్నారు. పక్క స్టేషన్‌లో ఖర్చు తక్కువ గనుక వాళ్ళకు ఇబ్బంది కలగలేదు. లైను ఆగలేదు, ఆగకపోవడంతో నా దగ్గరకు మాట రాలేదు. ఆరు నెలలుగా ఇలా జరుగుతోందని విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

పాత_ప్లానర్

ఇది చాలా చోట్ల జరుగుతుంది, ఆపరేటరును తప్పుపట్టవద్దు. లైను ఆగకుండా చూడడం వారి పని, వారు అదే చేశారు. అయితే ఇరుగుపొరుగు అప్పులు ఉన్నంతకాలం పక్క స్టేషన్ బిన్ను కూడా దాని లెక్కకంటే ముందే ఖాళీ అవుతుంది. రేపు అక్కడ ఉత్పత్తి పెరిగితే రెండు స్టేషన్లూ ఒకేసారి ఆగుతాయి, అప్పుడు కారణం వెతకడం మరింత కష్టం.

రెండో_షిఫ్టు

నేను లైను మీద పనిచేసేవాడిని. ఇక్కడ రాస్తున్నవారిలో బిన్ను చేత్తో మార్చేవారు తక్కువ అనిపించి రాస్తున్నాను. ముందు బిన్నులో చివరి ఇరవై ముప్పై బోల్టులు మూలల్లో ఉండిపోతాయి, చేతి తొడుగుతో ఏరుకోవడానికి సమయం పడుతుంది. యూనిట్ మధ్యలో బిన్ను మార్చాల్సివస్తే లయ తప్పుతుంది. అందుకని మేము ముందు బిన్ను అడుగుకు రాగానే రెండో బిన్నును అందులో ఒంపేసి, ఖాళీ బిన్నును కింద పెడతాము. పైగా అలా చేస్తే ఖాళీ బిన్ను ముందుగానే స్టోర్స్‌కు వెళుతుంది, సరుకు ముందుగానే వస్తుంది. మా షిఫ్టులో బోల్టుల కోసం లైను ఆగడం తక్కువ. దీనిలో తప్పేముంది?

నాణ్యత_గది

తప్పు ఉంది, ఎక్కడుందో చెబుతాను. ప్రతి బిన్నుకు లేబులు మీద లాటు సంఖ్య రాసి ఉంటుంది. మీరు ఒంపినప్పుడు రెండు లాట్లు కలిసిపోతాయి. ఒక లాటులో మరలు సరిగా లేవని తరువాత తెలిస్తే, ఆ లాటు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో చెప్పలేము. బిన్ను బిన్నుగా వాడి ఉంటే మూడున్నర గంటల ఉత్పత్తిని పక్కన పెట్టి తనిఖీ చేస్తే సరిపోయేది. ఒంపుడు అలవాటు ఉన్నచోట అడుగున మిగిలిన పాత బోల్టులు ఎన్ని రోజులు అడుగునే ఉంటాయో ఎవరూ చెప్పలేరు. మేము ఒకసారి ఇలాంటి కారణంతోనే నాలుగు రోజుల ఉత్పత్తి మొత్తాన్ని విప్పి చూడవలసి వచ్చింది.

రెండో_షిఫ్టు

లాటు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఒంపేవాళ్ళం కాదు. కానీ మూలల్లో ఇరుక్కునే బోల్టుల సంగతికి మీరు సమాధానం ఇవ్వలేదు.

స్టోర్స్_కిటికీ

దానికి సమాధానం స్టోర్స్ వైపు నుంచి ఉంది. ముందు అంచు తక్కువ ఎత్తులో ఉండి, అడుగు ముందుకు వాలిన బిన్ను వాడితే చివరి బోల్టులు వాటంతట అవే చేతికి వస్తాయి. ర్యాకు అరను కాస్త ముందుకు వాల్చినా అదే ఫలితం ఉంటుంది, వెనుక బిన్ను దానంతట అది ముందుకు జారుతుంది, రెండు బిన్నులూ ఒకేసారి చేతికి అందవు. మీరు చెప్పిన లయ విషయం న్యాయమైనదే. నిజానికి మొదట సరిచేయవలసింది అదే.

పాత_ప్లానర్

రెండో_షిఫ్టు గారి మాటలో ఇంకొక నిజం ఉంది, దానిని వదిలేయకూడదు. అడుగున వంద బోల్టులు ఉండగా ఒంపేస్తే, ఖాళీ బిన్ను కింద పెట్టే సమయానికి చేతిలో 730 ఉంటాయి. 720 అవసరం అయినచోట 730 ఉన్నాయి గనుక ఆ షిఫ్టు ఆగలేదు. అంటే వారు తెలియకుండానే నా లెక్కను ఋజువు చేశారు. మూడో_లైను గారు, మీ ఆగుళ్ళన్నీ మొదటి షిఫ్టులోనే ఉన్నాయేమో ఒకసారి చూడండి.

కార్డు_పెట్టె

మా దగ్గర బిన్నులు కాదు, కార్డులు. ఒక రబ్బరు రింగుకు అయిదు కార్డులు తిరిగేవి, ప్రతి కార్డుకూ 500 రింగుల సంచి ఒకటి. సంచి తెరిచినప్పుడు కార్డును తీసి స్టేషన్ పక్కనున్న పెట్టెలో వేయాలి. మొదటి సంవత్సరం బాగా నడిచింది. తరువాత నెమ్మదిగా కొరత మొదలైంది. ఖర్చు పెరగలేదు, సరఫరా మారలేదు. చివరకు ఒకరోజు లైను ఆపి కార్డులన్నీ లెక్కపెడితే మూడే దొరికాయి. ఒకటి ఒకరి చొక్కా జేబులో ఉతుకుడుకు వెళ్ళింది, ఇంకొకటి ఏమైందో నేటికీ తెలియదు. ఒక్కొక్క కార్డు పోయినప్పుడల్లా 500 రింగుల నిల్వ ఆ చుట్టులోంచి మాయమవుతుంది, కానీ ఆ క్షణంలో ఎవరికీ ఏ లోటూ కనిపించదు. అప్పటి నుంచి కార్డు మీద అయిదులో ఒకటి, అయిదులో రెండు అని సంఖ్య వేసి, వారానికి ఒకసారి లెక్కపెడుతున్నాము. రెండు బిన్నుల పద్ధతిలో బిన్నే కార్డు కాబట్టి ఈ బాధ ఉండదనుకుంటాను.

స్టోర్స్_కిటికీ

బిన్నులూ పోతాయి. ఖాళీ బిన్ను కనిపిస్తే దానిలో పనిముట్లు వేసుకునేవారు ఉంటారు. అయితే బిన్ను పోతే ర్యాకులో ఖాళీ చోటు కంటికి కనిపిస్తుంది, కార్డు పోతే ఏమీ కనిపించదు. ఆ తేడా మాత్రం నిజం.

కొత్త_ఇంజనీరు

కార్డు_పెట్టె గారు సంచి తెరవగానే కార్డు తీయాలంటున్నారు. మా దగ్గర సంచి అయిపోయాక కార్డు తీయమని శిక్షణలో చెప్పారు. ఏది సరి?

కార్డు_పెట్టె

మొదటి వస్తువు తీసినప్పుడే కార్డు తీయడం సరైన పద్ధతి. టొయోటాలో అలాగే చేస్తారు. తైయిచి ఓనో 1953లో మెషిన్ షాపులో దీనిని మొదలుపెట్టినప్పుడు సూపర్ మార్కెట్‌ను మనసులో పెట్టుకున్నారు, వినియోగదారు అరలోంచి సరుకు తీసుకోగానే ఆ సమాచారం వెనక్కు వెళ్ళాలి.

పాత_ప్లానర్

టొయోటాలో మొదటి వస్తువు తీసేటప్పుడే కార్డు తీస్తారన్నది నిజం. అయితే చివరి వస్తువు తరువాత తీయడం తప్పు అనను. రెండింటిలోనూ నడుస్తుంది, కాకపోతే కార్డుల సంఖ్య ఒకటి మారుతుంది. తెరవగానే తీస్తే, ఆ సమయానికి తెరిచిన సంచి కూడా దాదాపు నిండుగానే ఉంటుంది కాబట్టి అన్ని సంచులూ తిరిగి వచ్చే కాలానికి పనికివస్తాయి. అయిపోయాక తీస్తే మిగిలినవి ఒకటి తక్కువ, కాబట్టి అవసరం మీద ఒక కార్డు అదనంగా ఉండాలి. కొత్త_ఇంజనీరు గారు, మీ దగ్గర కార్డుల లెక్క ఒకరు వేసి, శిక్షణ మరొకరు ఇచ్చి ఉంటే, ఆ ఒక్క కార్డు ఎవరూ కలపకుండా జారిపోయే అవకాశం ఉంది. అది చూసుకోండి.

రెండు బిన్నుల పద్ధతికి ఈ సదుపాయం లేదు. బిన్నే సంకేతం కాబట్టి అది ఖాళీ అయ్యేవరకు సంకేతం కదలదు. కార్డును బిన్ను నుంచి విడదీయవచ్చు, ఖాళీ బిన్నును సరుకు నుంచి ముందుగా విడదీయలేము. కార్డు కలిగించే అసలు లాభం అదే.

కార్డు_పెట్టె

ఆపరేటరు దృష్టితో చూస్తే మాత్రం నేను ఒప్పుకోను. అయిపోయినప్పుడు తీయమంటే, చేతిలో ఖాళీ సంచి ఉంటుంది, పారేసే ముందు కార్డు గుర్తుకువస్తుందని అంటారు. కానీ మా దగ్గర సంచితో పాటే కార్డును చెత్తలో వేసినవారు ఉన్నారు.

రెండో_షిఫ్టు

తెరిచేటప్పుడు తీయమంటే మేము మర్చిపోతాము. అప్పుడు చేతిలో పని నడుస్తూ ఉంటుంది. ఖాళీ అయినప్పుడు చేయి ఎలాగూ ఆగుతుంది.

పాత_ప్లానర్

ఇద్దరూ అనుభవంతో చెబుతున్నారు. ఈ ఒక్క విషయంలో నేను ఏదో ఒకటి తేల్చి చెప్పలేను, నేను చూసిన చోట్ల రెండు రకాల మరపులూ ఉన్నాయి. లెక్క వేసే ముందు ఏది పాటిస్తున్నారో లైను మీద నిలబడి చూడడం మాత్రం తప్పనిసరి.

మూడో_లైను

వారం రోజులు కొలిచి వచ్చాను. ప్రతి బోల్టుల బిన్నుకూ ఒక చీటీ కట్టి, ఖాళీ అయిన సమయం, ట్రాలీ తీసుకున్న సమయం, నిండుగా వచ్చిన సమయం రాయించాను. ఒంపవద్దని రెండు షిఫ్టులకూ కారణంతో సహా చెప్పాను, విన్నారు.

అయిదు రోజుల్లో బిన్ను 21 సార్లు ఖాళీ అయింది. తిరిగి రావడానికి పట్టిన సమయం అతి తక్కువగా 2 గంటల 10 నిమిషాలు, అతి ఎక్కువగా 4 గంటల 5 నిమిషాలు. మూడున్నర గంటలు దాటినవి 5. వాటిలో 4 సార్లు లైను ఆగింది, అయిదోసారి సరిగ్గా విరామ సమయం పడడం వల్ల బయటపడ్డాము. ఆ అయిదు సార్లూ బిన్ను ఖాళీ అయినది ట్రాలీ వెళ్ళిన అరగంట లోపలే. పాత_ప్లానర్ గారు చెప్పినట్టు పాత ఆగుళ్ళ పుస్తకం కూడా తీసి చూశాను, ఒంపే అలవాటు ఉన్నంతకాలం అవి ఎక్కువగా మొదటి షిఫ్టులోనే ఉన్నాయి.

ఇప్పుడు ఏం చేయాలి? బిన్నుకు 800 చేయాలా, ట్రాలీని గంటకోసారి తిప్పాలా?

స్టోర్స్_కిటికీ

గంటకోసారి తిప్పితే ఎదురుచూపు గంట, ప్రయాణం గంట, మొత్తం రెండు గంటలే అవుతుంది, కాబట్టి బిన్నుకు 400 ఉంటే చాలు. వినడానికి బాగుంటుంది. కానీ మీ ట్రాలీ మనిషికి ఒక రౌండు పూర్తి చేయడానికి ఎంతసేపు పడుతోంది?

మూడో_లైను

నింపే పనితో కలిపి డెబ్బై నిమిషాలు.

స్టోర్స్_కిటికీ

అయితే ఇంకొక మనిషిని పెట్టకుండా గంటకోసారి సాధ్యం కాదు. కాగితం మీద రాసినా మూడో రోజుకల్లా రౌండ్లు ఆలస్యమవుతాయి, ఏ రౌండు ఎప్పుడు వస్తుందో తెలియని పరిస్థితి ఇప్పటికంటే చెడ్డది.

పాత_ప్లానర్

800 బిన్ను మీద నాకున్న అభ్యంతరం బరువు. 20 మిల్లీమీటర్ల ఎమ్6 బోల్టు ఒక్కొక్కటి ఆరు గ్రాముల పైన ఉంటుంది, 800 అంటే అయిదు కిలోలు. పై అరలోంచి ఆ బరువును రోజూ లాగడం మణికట్టుకు మంచిది కాదు. మూడో బిన్ను పెట్టి చూడండి. ఒకటి ఖాళీ అయ్యేసరికి రెండు నిండుగా ఉంటాయి. ఆ రెండూ కలిసి 800 ఉంటే చాలు, అంటే బిన్నుకు 400. రెండు పెద్ద బిన్నులైతే మొత్తం 1600 బోల్టులు స్టేషన్ దగ్గర ఉండేవి, మూడు చిన్నవైతే 1200. బిన్ను చిన్నదైతే రెండు గంటలకు కాస్త పైన ఒకటి ఖాళీ అవుతుంది, దాదాపు ప్రతి రౌండులోనూ ట్రాలీకి ఒక మార్పిడి ఉంటుంది, కాబట్టి స్టోర్స్ మనిషికీ అది అలవాటుగా మారుతుంది.

మరొక దారి కూడా ఉంది. వేగంగా ఖర్చయ్యే ఒకటి రెండు వస్తువులకు ట్రాలీ మీదే ఒక నిండు బిన్నును ఎప్పుడూ ఉంచి, ఖాళీ కనిపించగానే అక్కడే మార్చేయడం. అప్పుడు ప్రయాణం పోయి ఎదురుచూపు ఒక్కటే మిగులుతుంది, మీ 630 మారకుండానే సరిపోతుంది. నిజానికి అదీ మూడో బిన్నే, చక్రాల మీద ఉంటుంది. కాకపోతే నలభై వస్తువులకు అలా చేయబోతే ట్రాలీయే స్టోర్స్ అవుతుంది.

ముందుచూపు

మూడు బిన్నుల లెక్కతో మొత్తం నిల్వ తగ్గుతుందని నాకు తట్టలేదు. బిన్నులు పెరిగితే సరుకు పెరుగుతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. 400 అని రాసి ఉన్న బిన్నులో నిజంగా 400 ఉంటాయా?

స్టోర్స్_కిటికీ

మంచి ప్రశ్న. తూకం మీద లెక్కపెట్టేటప్పుడు ఖాళీ బిన్ను బరువు ముందే తీసేస్తాము. పాత బిన్నులూ కొత్త బిన్నులూ కలిసిపోయి వాటి బరువులో 120 గ్రాముల తేడా ఉంటే, అది ఇరవై బోల్టుల దాకా తేడా చేస్తుంది. ఒక వస్తువుకు ఒకే రకం బిన్నులు ఉంచండి, లేదా ప్రతిసారీ ఖాళీ బిన్నును తూకం మీద పెట్టి సున్నా చేసి తరువాత నింపమనండి. అలాగే ఒక్క బోల్టు బరువును తూకానికి నేర్పేటప్పుడు అయిదారు కాకుండా కనీసం యాభై పెట్టి నేర్పండి.

మూడో_లైను

రెండు వారాల తరువాత రాస్తున్నాను. 400 చొప్పున మూడు బిన్నులు, వాలు అర, ఒకే రకం బిన్నులు. పది రోజుల్లో 67 సార్లు బిన్ను ఖాళీ అయింది, బోల్టుల కోసం లైను ఒక్కసారీ ఆగలేదు. ఒకసారి ట్రాలీ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, బిన్ను తిరిగి రావడానికి 4 గంటల 10 నిమిషాలు పట్టింది, అప్పుడు చివరి బిన్నులో యాభై బోల్టులే మిగిలాయి. క్లిప్పులకు బిన్నుకు 270 చేశాను, ఇప్పుడు పక్క స్టేషన్ నుంచి ఎవరూ తెచ్చుకోవడం లేదు.

తేలనిది ఒకటి ఉంది. అదే ర్యాకులో ఇంకొక బోల్టు ఒక్క మోడల్‌కే వాడతాము. ఆ మోడల్ వారంలో ఒకటిన్నర రోజే నడుస్తుంది. వారం సగటు తీసుకుంటే గంటకు 36, ఆ మోడల్ నడిచేటప్పుడు గంటకు 120. సగటుతో బిన్ను పెడితే ఆ రోజు నిండుకుంటుంది, గరిష్ఠంతో పెడితే మిగిలిన రోజులన్నీ కదలని సరుకు చోటు తింటుంది.

పాత_ప్లానర్

గరిష్ఠంతోనే పెట్టండి. సగటు గంటకు 36 అన్నది ఏ గంటలోనూ నిజం కాని సంఖ్య.

స్టోర్స్_కిటికీ

నేనైతే ఆ బోల్టును ఈ పద్ధతిలోంచే తీసేస్తాను. మోడల్ మారే రోజు ఉత్పత్తి పట్టికతో పాటు సరిపడా లెక్కపెట్టి ఒకేసారి పంపి, చివర మిగిలినవి వెనక్కు తీసుకోవచ్చు. ఖర్చు నిలకడగా ఉన్నప్పుడే బిన్ను సంకేతానికి అర్థం ఉంటుంది.

రెండో_షిఫ్టు

మోడల్ రోజు మధ్యలో మారితే? మా దగ్గర పట్టిక మధ్యాహ్నం మారడం మామూలే. అప్పుడు లెక్కపెట్టి పంపిన సరుకు ఎవరి దగ్గర ఉండాలి?